మూడు బాకీలకు ఒకే చెల్లింపు: విలువ సమీకరణం లెక్క ఎక్కడ తేడా కొడుతుంది?

పంట మీద అప్పు తెచ్చుకునే ఊళ్లలో తరచూ వినిపించే మాట ఇది: "ఈ బాకీలన్నీ తలో తేదీన ఎందుకండీ, సరుకు అమ్మగానే మార్చి ఒకటో తారీఖున అంతా ఒకేసారి కట్టేస్తాను. ఎంతవుతుందో చెప్పండి." వ్యాపారి సరేనంటాడు. మొత్తాలన్నీ కూడి, దాని మీద వడ్డీ కింద కొంత వేసి ఒక అంకె చెబుతాడు. ఆ అంకె ఎలా వచ్చిందో రైతుకు తెలియదు. చాలాసార్లు వ్యాపారికి కూడా పూర్తిగా తెలియదు. అలవాటు కొద్దీ వేసే లెక్క అది.

ఈ లెక్కకు గణితంలో ఒక పద్ధతి ఉంది. దాన్ని విలువ సమీకరణం అంటారు. పాత బాకీలన్నిటినీ ఒకే తేదీ దగ్గరికి తెచ్చి, ఆ రోజున వాటి విలువ ఎంతో లెక్కగట్టాలి. కొత్త చెల్లింపు విలువనూ అదే తేదీకి తేవాలి. ఆ రెండూ సమానం కావాలి. సూత్రం ఇంతే. కానీ సాధారణ వడ్డీతో, అంటే మన ఊళ్లలో నడిచే 'నూటికి రెండు రూపాయల' లెక్కతో చేసినప్పుడు ఇందులో ఒక చిక్కు వస్తుంది. ఏ తేదీ దగ్గరికి తెచ్చి పోలుస్తామన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. ఎవరూ మోసం చేయనక్కర్లేదు, కూడికలో తప్పు పోనక్కర్లేదు, అయినా ఇద్దరికి రెండు జవాబులు వస్తాయి. ఇది ఎందుకు జరుగుతుందో, ఏం చేయాలో ఒక ఉదాహరణ మీద చూద్దాం.

గుంటూరు చుట్టుపక్కల ఒక మిర్చి రైతు ఉన్నాడనుకుందాం. ఎరువులు, పురుగుమందులు అమ్మే ఒక షాపు యజమానికి మూడు బాకీలు పడ్డాడు. మొదటిది విత్తనాలు, ఎరువుల ఖాతా, అక్టోబర్ 1న కట్టాల్సిన ₹40,000. రెండోది ప్రోనోటు. కిందటి మార్చి 1న ₹50,000 చేబదులుగా తీసుకుని, రెండు రూపాయల వడ్డీతో జనవరి 1న తీరుస్తానని రాసిచ్చాడు. మూడోది డ్రిప్ పైపులు, స్ప్రేయర్ల బాకీ. అరువు ధర ₹53,000, వచ్చే జూన్ 1న కట్టాలి. ఇప్పుడు ఆగస్టు నెల. మిర్చి తొలి కోతలు యార్డుకు చేరి చేతికి డబ్బు వచ్చేది ఫిబ్రవరి నెలాఖరుకు. అందుకే మూడింటికీ కలిపి మార్చి 1న ఒకే మొత్తం కడతానంటున్నాడు. బాకీలు ముందుకీ వెనక్కీ జరిపేందుకు వడ్డీ నెలకు నూటికి రెండు రూపాయలని ఇద్దరూ ఒప్పుకున్నారు.

లెక్కలోకి దిగే ముందే ఒకటి సరిచూసుకోవాలి. ప్రతి బాకీని అది కట్టాల్సిన రోజున ఎంత కట్టాలో ఆ మొత్తంతోనే లెక్కలోకి తీసుకోవాలి. చాలామంది తడబడేది ఇక్కడే. మొదటి బాకీకి అక్టోబర్ 1 దాకా వడ్డీ లేదు కాబట్టి అది ₹40,000 గానే వస్తుంది. మూడోది అరువు ధర, అందులో ఎంత లాభం, ఎంత వడ్డీ కలిసి ఉన్నా జూన్ 1న కట్టాల్సింది ₹53,000, అదే అంకె. రెండోది మాత్రం నోటు మీద ₹50,000 అని కనిపించినా, జనవరి 1న కట్టాల్సింది అది కాదు. మార్చి 1 నుంచి జనవరి 1 దాకా పది నెలలు. నెలకు వెయ్యి చొప్పున పది వేల వడ్డీ. కాబట్టి ఈ బాకీ లెక్కలోకి ₹60,000 గా వస్తుంది. నోటు మీది అంకె చూసి యాభై వేలు వేసుకుంటే రైతుకు పది వేలు మిగిలినట్టు కనిపిస్తుంది, కానీ ఆ ఒప్పందం నిలబడదు.

ఇప్పుడు పోల్చే తేదీ ఒకటి కావాలి. దాన్ని ఇక్కడ పోలిక తేదీ అందాం. డబ్బు చేతులు మారే మార్చి 1నే పోలిక తేదీగా తీసుకుందాం. మొదటి బాకీ అక్టోబర్ 1 నుంచి మార్చి 1 దాకా ఐదు నెలలు ఆగుతుంది. నూటికి పది రూపాయల వడ్డీ. నలభై వేలు నలభై నాలుగు వేలవుతుంది. రెండోది జనవరి 1 నుంచి రెండు నెలలు ఆగుతుంది, నూటికి నాలుగు. అరవై వేలు ₹62,400 అవుతుంది.

మూడోది వేరే దారి. అది జూన్ 1న రావాల్సింది, మూడు నెలల ముందే మార్చి 1న వస్తోంది. కాబట్టి తగ్గించాలి. ఎంత తగ్గించాలి? మార్చి 1న ఎంత డబ్బు ఉంటే, దానికి మూడు నెలల వడ్డీ కలిపితే జూన్ 1కి ₹53,000 అవుతుందో అంతకు తగ్గించాలి. మూడు నెలల వడ్డీ నూటికి ఆరు. కాబట్టి 53,000ను 1.06తో భాగించాలి. సరిగ్గా ₹50,000 వస్తుంది. యాభై వేలకు మూడు నెలల వడ్డీ మూడు వేలు, కలిపితే యాభై మూడు వేలు. సరిపోయింది.

```
X = 40,000 × 1.10 + 60,000 × 1.04 + 53,000 ÷ 1.06
  = 44,000 + 62,400 + 50,000
  = 1,56,400
```

మార్చి 1న రైతు కట్టాల్సింది ₹1,56,400. మూడు బాకీల మొత్తం ₹1,53,000 కంటే ఇది ₹3,400 ఎక్కువ.

వ్యాపారులు మూడో బాకీ దగ్గర ఎక్కువగా చేసే పని భాగించడం కాదు, తీసివేయడం. యాభై మూడు వేల మీద నూటికి ఆరు చొప్పున ₹3,180 తీసేసి ₹49,820 అంటారు. తేడా 180 రూపాయలే. కానీ అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. భాగించినప్పుడు వడ్డీ లెక్క యాభై వేల మీద నడుస్తుంది, అంటే వ్యాపారి చేతికి నిజంగా ముందే వచ్చిన డబ్బు మీద. తీసివేసినప్పుడు యాభై మూడు వేల మీద నడుస్తుంది, అంటే ఇంకా రాని డబ్బు మీద. కాబట్టి తీసివేత లెక్క ముందుగా కట్టేవాడికి అనుకూలం. గడువు మూడు నెలలే కాబట్టి తేడా చిన్నది. అదే పద్ధతిలో యాభై నెలల తర్వాత రావాల్సిన బాకీని ఈ రోజుకు తెస్తే నూటికి నూరూ తీసేయాల్సి వస్తుంది. బాకీ విలువ సున్నా అవుతుంది. ఏ వ్యాపారీ దానికి ఒప్పుకోడు. తీసివేత లెక్క కొద్ది నెలల వరకే పనికొస్తుందని దీన్ని బట్టే తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు. వ్యాపారి కొడుకు కామర్స్ చదివాడనుకుందాం. అతను లెక్క వేరేలా మొదలుపెడతాడు. "బాకీలన్నీ జూన్ 1కి గానీ తీరవు కదా, అందుకని జూన్ 1 దగ్గరికే అన్నీ తెచ్చి చూద్దాం నాన్నా" అంటాడు. అదీ న్యాయంగానే కనిపిస్తుంది. అక్టోబర్ బాకీ ఎనిమిది నెలలు ఆగి ₹46,400 అవుతుంది. జనవరి బాకీ ఐదు నెలలు ఆగి ₹66,000 అవుతుంది. జూన్ బాకీ ఎలా ఉన్నది అలాగే ₹53,000. మొత్తం ₹1,65,400. రైతు మార్చి 1న కట్టే మొత్తం కూడా జూన్ 1 దాకా మూడు నెలల వడ్డీ సంపాదిస్తుంది. అంటే కట్టే మొత్తాన్ని 1.06తో గుణిస్తే 1,65,400 రావాలి. భాగిస్తే ₹1,56,038.

వడ్డీ అదే, తేదీలు అవే, బాకీలు అవే. జవాబు మాత్రం ₹362 తక్కువ.

ఇప్పుడు మూడో మనిషి వచ్చి, మొదటి గడువైన అక్టోబర్ 1 దగ్గర పోలుద్దాం అంటే? అక్టోబర్ బాకీ ₹40,000. జనవరి బాకీని మూడు నెలలు వెనక్కి తెస్తే 60,000 ÷ 1.06, అంటే ₹56,604. జూన్ బాకీని ఎనిమిది నెలలు వెనక్కి తెస్తే 53,000 ÷ 1.16, అంటే ₹45,690. పైసలతో సహా మొత్తం ₹1,42,293.43. దీన్ని ఐదు నెలలు ముందుకు, మార్చి 1కి తెస్తే ₹1,56,523. మొదటి జవాబు కంటే ₹123 ఎక్కువ.

ఒక్క ఒప్పందానికి మూడు జవాబులు: 1,56,038, 1,56,400, 1,56,523. మూడింటిలోనూ కూడికలు, భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి.

ఎందుకిలా? వంద రూపాయలు తీసుకుని చూస్తే తెలిసిపోతుంది. వంద రూపాయలను ఎనిమిది నెలలు ఒకేసారి ముందుకు జరిపితే వడ్డీ పదహారు, మొత్తం 116. అదే వందను ముందు ఐదు నెలలు జరిపి 110 చేసి, అక్కడ ఆగి, ఆ 110ని ఇంకో మూడు నెలలు జరిపితే 110 × 1.06, అంటే 116 రూపాయల 60 పైసలు. మధ్యలో ఆగిన చోట పది రూపాయల వడ్డీ కాస్తా అసలుగా మారింది. దాని మీద మూడు నెలల వడ్డీయే ఆ అరవై పైసలు. సాధారణ వడ్డీ నియమం ప్రకారం వడ్డీకి వడ్డీ లేదు. కానీ మధ్యలో ఒక తేదీ దగ్గర ఆగి మళ్లీ మొదలుపెడితే మనకు తెలియకుండానే వడ్డీకి వడ్డీ వేసేస్తున్నాం. పోలిక తేదీ మార్చడమంటే, ఏ బాకీ ఎక్కడ ఆగుతుందో, దేని మీద వడ్డీ అసలుగా మారుతుందో మార్చడమే. అందుకే జవాబు కదులుతుంది.

చక్రవడ్డీతో ఈ చిక్కు ఉండదు. అక్కడ వడ్డీ ప్రతి నెలా అసలులో కలుస్తూనే ఉంటుంది కాబట్టి మధ్యలో ఎక్కడ ఆగినా లెక్క చెడదు. ఐదు నెలలు, తర్వాత మూడు నెలలు అంటే 1.02ను ఐదుసార్లు, తర్వాత మూడుసార్లు గుణించడం, మొత్తం ఎనిమిదిసార్లు. మన ఉదాహరణను నెలనెలా కలిసే రెండు శాతం చక్రవడ్డీతో చేస్తే, మార్చి 1 దగ్గర పోల్చినా, జూన్ 1 దగ్గర పోల్చినా కట్టాల్సింది ₹1,56,530 అనే వస్తుంది. పోలిక తేదీ గురించి వాదనే రాదు. అయితే వాదన తప్పుతుంది కదా అని చక్రవడ్డీకి ఒప్పుకోవడం తొందరపాటు. నెలకు రెండు శాతం సాధారణ వడ్డీ ఏడాదికి 24 శాతం. నెలనెలా కలిపే చక్రవడ్డీ అయితే 26.82 శాతం. కొద్ది నెలల లెక్కలో ఈ తేడా పెద్దగా కనిపించదు, ఏళ్ల మీద నడిచే అప్పులో బాగా కనిపిస్తుంది.

మూడొందల రూపాయల తేడాకు ఇంత తర్జనభర్జన ఎందుకు అనిపించవచ్చు. గడువులు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టే తేడా ఇంత చిన్నగా ఉంది. దూరం పెంచి చూడండి. లక్ష రూపాయల బాకీ ఈ రోజు కట్టాలి. ఇంకో లక్ష నాలుగేళ్ల తర్వాత కట్టాలి. రెండూ కలిపి రెండేళ్ల తర్వాత ఒకేసారి కడతానంటాడు అప్పున్నవాడు. వడ్డీ రెండు రూపాయలు, సాధారణం. రెండేళ్లకు నూటికి 48, నాలుగేళ్లకు నూటికి 96.

కట్టే రోజు దగ్గర పోలిస్తే: మొదటి లక్ష ₹1,48,000 అవుతుంది. రెండో లక్షను రెండేళ్లు వెనక్కి తెస్తే 1,00,000 ÷ 1.48, అంటే ₹67,568. కలిపి ₹2,15,568. నాలుగేళ్ల చివర పోలిస్తే: మొదటి లక్ష 1,96,000, రెండోది లక్ష, కలిపి 2,96,000. దాన్ని 1.48తో భాగిస్తే సరిగ్గా ₹2,00,000. ఈ రోజు దగ్గర పోలిస్తే: మొదటి లక్ష లక్షే, రెండోది 1,00,000 ÷ 1.96, అంటే ₹51,020. కలిపిన మొత్తాన్ని 1.48తో గుణిస్తే ₹2,23,510.

రెండు లక్షలకూ, రెండు లక్షల ఇరవై మూడు వేల ఐదొందలకూ మధ్య తేడా వడ్డీ రేటులో లేదు, బేరంలో లేదు. 'ఏ తేదీ దగ్గర పోలుద్దాం' అన్న ఒక్క మాటలో ఉంది. ఆ మాట చాలా ఒప్పంద పత్రాల్లో ఉండనే ఉండదు. గొడవలు పుట్టేది అక్కడే. 'నేను వేసుకుంటే ఇంతే వచ్చింది' అని ఒకరు, 'మా గుమస్తా ఇంత వేశాడు' అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు, అందుకే ఆ గొడవ తెమలదు.

ఏ తేదీ ఎవరికి మేలు చేస్తుందని ఒక్క మాటలో చెప్పే సూత్రం లేదు. మన మిర్చి రైతు లెక్కలో చివరి తేదీ అతనికి అనుకూలించింది, మొదటి తేదీ వ్యాపారికి అనుకూలించింది. బాకీలు వేరేలా ఉంటే ఇది తిరగబడవచ్చు. ఉదాహరణకు అక్టోబర్ 1 దగ్గర పోల్చినప్పుడు జనవరి బాకీ మార్చి 1కి ₹62,264 గా వచ్చింది, నేరుగా జరిపితే వచ్చిన ₹62,400 కంటే తక్కువ. అదే లెక్కలో జూన్ బాకీ ₹50,259 అయింది, నేరుగా తెస్తే వచ్చిన ₹50,000 కంటే ఎక్కువ. ఒకటి రైతువైపు, ఇంకొకటి వ్యాపారివైపు మొగ్గాయి. జూన్ బాకీ పెరిగింది ఎక్కువ కాబట్టి మొత్తం మీద వ్యాపారికి కలిసొచ్చింది. జూన్ బాకీ చిన్నదై, జనవరి బాకీ పెద్దదై ఉంటే ఫలితం అటుదిటు అయ్యేది.

కట్టేది ఒకే ఒక్క మొత్తమైతే, వడ్డీ సాధారణమైతే, కట్టే రోజునే పోలిక తేదీగా పెట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. కారణం చెబుతాను. ఆ తేదీ తీసుకుంటే ప్రతి బాకీ ఒక్కసారే, ఒకే దిశలో జరుగుతుంది. గడువు దాటినదానికి వడ్డీ కలుస్తుంది, గడువు రానిదానికి వడ్డీ తగ్గుతుంది. కట్టే మొత్తం అసలు ఎటూ జరగక్కర్లేదు. మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టే చోటు ఎక్కడా లేదు కాబట్టి వడ్డీకి వడ్డీ దొంగచాటుగా చొరబడదు. పైగా ఒక్కో బాకీ విలువ విడిగా కనిపిస్తుంది: 44,000, 62,400, 50,000. ఏదైనా అంకె మీద అనుమానం వస్తే దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని అడగవచ్చు. జూన్ 1 దగ్గర చేసిన లెక్కలో ఆ వీలు లేదు. 1,65,400ను 1.06తో భాగించాక వచ్చిన దానిలో ఏ బాకీ వాటా ఎంతో రైతుకు అర్థం కాదు.

అయితే వడ్డీకి వడ్డీ చొరబడే చోటు ఇంకొకటి ఉంది, అది పోలిక తేదీతో సంబంధం లేనిది. రెండో బాకీని మళ్లీ చూడండి. జనవరి 1కి అది అరవై వేలు, అందులో పది వేలు వడ్డీ. జనవరి నుంచి మార్చి దాకా రెండు నెలల వడ్డీని మనం అరవై వేల మీద వేశాం, ₹2,400. నోటు ప్రకారం అసలు యాభై వేలే కదా, దాని మీదే వేయాలి అని రైతు అంటే? అప్పుడు రెండు నెలలకు ₹2,000, బాకీ ₹62,000. తేడా నాలుగొందలు. ఇద్దరిలో ఎవరు ఒప్పు? పుస్తకాల్లోని విలువ సమీకరణం గడువు రోజు మొత్తాన్నే బాకీగా తీసుకుంటుంది, ఆ లెక్కన 62,400 సరైనది. కానీ నోటులో 'తీర్చేదాకా అసలు మీద నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ' అని రాసి ఉంటే, గడువు దాటాక కూడా వడ్డీ యాభై వేల మీదే నడవాలి. రాసుకున్న మాటే ప్రమాణం. నోటు తిరగరాసేటప్పుడు వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకోవడం ఊళ్లలో మామూలే. అప్పుడు ఏం మారుతోందో తెలిసి సంతకం పెట్టాలి.

మన దగ్గర రాసే ప్రోనోట్లలో చాలావాటికి గడువు తేదీయే ఉండదు. 'మీరు కోరినప్పుడు అసలు వడ్డీ సహా చెల్లించగలవాడను' అని మాత్రం ఉంటుంది. అలాంటి నోటుకు ముందుగా కడుతున్నామన్న ప్రశ్న రాదు, తగ్గింపు లెక్కా ఉండదు. నోటు రాసిన రోజు నుంచి కట్టే రోజు దాకా అసలు మీద వడ్డీ వేసి, ఆ మొత్తాన్ని నేరుగా సమీకరణంలో పెట్టుకోవడమే. ఇక గడువు ఉన్న బాకీల విషయానికి వస్తే, ముందుగా కట్టినందుకు తగ్గింపు ఇవ్వడం వ్యాపారి ఒప్పుకుంటేనే జరుగుతుంది. జూన్ బాకీ మీద మూడు వేల తగ్గింపు రైతుకు దానంతటదే వచ్చే హక్కు కాదు, ఈ కొత్త ఒప్పందంలో అడిగి రాయించుకోవాల్సిన విషయం.

లెక్క సరిగ్గా వచ్చిందో లేదో చూసుకునేందుకు ఒక గీటురాయి ఉంది. సగటు గడువు తేదీ లెక్కగట్టి చూడడం. వ్యాపార లెక్కల పుస్తకాల్లో ఇది ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మొదటి గడువు అక్టోబర్ 1ని సున్నాగా పెట్టుకోండి. ప్రతి బాకీని, అది అక్టోబర్ 1 నుంచి ఎన్ని రోజుల దూరంలో ఉందో ఆ రోజులతో గుణించండి. నలభై వేలకు సున్నా రోజులు. అరవై వేలకు 92 రోజులు, లబ్ధం 55,20,000. యాభై మూడు వేలకు 243 రోజులు, లబ్ధం 1,28,79,000. లబ్ధాల మొత్తం 1,83,99,000. దీన్ని బాకీల మొత్తం 1,53,000తో భాగిస్తే దాదాపు 120 రోజులు వస్తుంది. అక్టోబర్ 1 నుంచి 120 రోజులంటే జనవరి 29.

అంటే రైతు జనవరి 29న ₹1,53,000 కట్టేస్తే పైన వడ్డీ కలపనూ అక్కర్లేదు, తగ్గించనూ అక్కర్లేదు. ఆలస్యమైన వాటి వడ్డీకి, ముందుగా కట్టిన వాటి తగ్గింపు చెల్లుకు చెల్లు. అతను మార్చి 1న, అంటే దాదాపు నెల రోజులు ఆలస్యంగా కడుతున్నాడు. లక్షా యాభై మూడు వేల మీద నెల వడ్డీ ₹3,060. కాబట్టి జవాబు 1,56,000కు కాస్త అటూఇటూగా రావాలి. 1,56,400 ఆ పరిధిలోనే ఉంది. ఎవరైనా లక్షా అరవై రెండు వేలు చెబితే ఎక్కడో బాకీని రెండుసార్లు జరిపారనో, జూన్ బాకీకి వడ్డీ తగ్గించాల్సింది పోయి కలిపారనో వెంటనే తెలిసిపోతుంది. నిజంగా జూన్ బాకీకి పొరపాటున నూటికి ఆరు కలిపితే 56,180 అయి, మొత్తం ₹1,62,580 వస్తుంది. దిశ తప్పిన లెక్కను ఇలా పట్టుకోవచ్చు.

కొందరు గుమస్తాలు ఈ సగటు తేదీనే పూర్తి లెక్కగా వాడతారు. రోజులు కాకుండా నెలలతో చేస్తే వాళ్లకు మార్చి 1న కట్టాల్సింది సరిగ్గా ₹1,56,220 వస్తుంది. ఈ అంకె ఎక్కడిదో గమనించండి. జూన్ బాకీని భాగించకుండా తీసివేసి 49,820 అన్నప్పుడు వచ్చే మొత్తం కూడా ఇదే: 44,000 + 62,400 + 49,820. సగటు తేదీ పద్ధతి ముందుగా కట్టే బాకీ మీద తీసివేత లెక్కను లోలోపల వాడుతుందన్నమాట. గడువులు కొద్ది నెలల్లోనే ఉన్నప్పుడు ఇది సులువు, తేడా చిన్నది. బాకీలు ఏళ్ల మీద పరుచుకుని ఉంటే దీన్ని సరిచూసుకోవడానికే వాడాలి, తుది లెక్కకు కాదు.

నెలలా, రోజులా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. అక్టోబర్ 1 నుంచి మార్చి 1 దాకా ఐదు నెలలంటే నలభై వేల మీద వడ్డీ ₹4,000. అదే 151 రోజులుగా తీసుకుని ఏడాదికి 24 శాతం, 365 రోజుల లెక్కన వేస్తే ₹3,972 వస్తుంది. చిన్న తేడాయే, కానీ ఒకరు నెలలతో, ఒకరు రోజులతో వేసుకుంటే అంకెలు ఎప్పటికీ కలవవు.

కాగితం సంగతి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 62వ సెక్షన్ ప్రకారం పాత ఒప్పందం స్థానంలో కొత్తది పెట్టుకోవడానికి రెండు పక్షాలూ ఒప్పుకుంటే, పాతదాన్ని నెరవేర్చాల్సిన పని లేదు. కానీ 'పాత బాకీలు రద్దయి వాటి బదులు ఈ ఒక్క చెల్లింపు' అన్న మాట కాగితం మీద ఉండాలి. లేకపోతే పాత ప్రోనోటు వ్యాపారి బీరువాలో అలాగే ఉంటుంది. కొత్త మొత్తం కట్టాక కూడా ఆ యాభై వేల నోటు బయటికి వస్తే, అది తీరిందని చూపించాల్సిన భారం రైతు మీద పడుతుంది. కొత్త ఒప్పందం రాసిన రోజే పాత నోటు వెనక్కి తీసుకోవడం, లేదా దాని మీదే రద్దు మాట రాయించి సంతకం పెట్టించుకోవడం మేలు. కొత్త కాగితంలో కట్టే తేదీ, మొత్తంతో పాటు ఆ మొత్తం ఎలా వచ్చిందో మూడు వరుసల్లో రాసుకుంటే చాలు. మన ఉదాహరణలో ఆ వరుసలు ఇలా ఉంటాయి: అక్టోబర్ 1 బాకీ 40,000కు ఐదు నెలల వడ్డీ కలిపి 44,000, జనవరి 1 బాకీ 60,000కు రెండు నెలల వడ్డీ కలిపి 62,400, జూన్ 1 బాకీ 53,000కు మూడు నెలల వడ్డీ తగ్గించి 50,000. నెలకు నూటికి రెండు రూపాయల సాధారణ వడ్డీ, మార్చి 1 నాటి విలువలు. పోలిక తేదీ, వడ్డీ రకం, నెలల లెక్క అన్నీ అందులోనే వచ్చేశాయి.

అనుకున్న తేదీ దాటితే ఏం చేయాలో కూడా ఒక వాక్యం ఉండాలి. మార్చి 1 తర్వాత వడ్డీ పూర్తి 1,56,400 మీదా, లేక వడ్డీలు కలవని మొత్తం మీదా? చెప్పుకోకపోతే వ్యాపారి మొదటిది అంటాడు, రైతు రెండోది అంటాడు.

ధర బాగుందనో, వేరే దారిలో డబ్బు అందిందనో రైతు ముందుగానే కొంత కట్టడం కూడా జరుగుతుంది. జనవరి 1న చేతిలో యాభై వేలు పడి, తెచ్చి ఇచ్చేశాడనుకోండి. మిగిలింది 1,56,400 లోంచి 50,000 తీసేస్తే 1,06,400 అని చెల్లు రాసేస్తారు చాలామంది. అది రైతుకు నష్టం. పోలిక తేదీ మార్చి 1 కాబట్టి ఈ యాభై వేలనూ అక్కడికే తేవాలి. రెండు నెలలు ముందుగా ఇచ్చాడు, నూటికి నాలుగు చొప్పున రెండు వేలు కలిసి ₹52,000 అవుతుంది. మార్చి 1న అతను ఇంకా కట్టాల్సింది ₹1,04,400.